టీచరమ్మగారికి ఓ కబురు

ఆషాఢం వచ్చిందంటే మా గోదావరి జిల్లాల్లో మిఠాయి కొట్లవాళ్లకి ఊపిరి సలపదు. కొత్తగా పెళ్లయిన పిల్ల పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టింటివాళ్లు వియ్యాలవారింటికి సారె పంపుతారు. ఎన్ని రకాలు పంపారు, ఎన్ని పళ్లాలు నిండాయి, ఊళ్లో ఎంతమందికి పంచారు అన్నవి ఏళ్ల తరబడి చెప్పుకునే మాటలు. అందుకే సారె ఆర్డరు తీసుకున్న కొట్టువాడు ఆ ఇంటి పరువుని కూడా తన చేతిలోకి తీసుకున్నట్టే. మామూలు పుట్టినరోజు ఆర్డరు ఓ పూట ఆలస్యమైతే సర్దుకుంటారు. సారె ఆలస్యమైతే రెండు కుటుంబాల మధ్య మాటొస్తుంది.

రాజమహేంద్రవరంలో మా బాబాయికి ఓ మిఠాయి కొట్టు ఉంది. తాతయ్య పెట్టిన కొట్టు అది. కాజాలు, లడ్డూలు, మైసూర్‌పాకు అక్కడే వెనకవైపు పొయ్యిమీద చేయిస్తాడు. పూతరేకులకి మాత్రం రేకులు ఆత్రేయపురం నుంచి తెప్పించి, కొట్లో నెయ్యీ పంచదారా వేసి చుట్టిస్తాడు. మొన్నటి ఆషాఢంలో ఓ సారె ఆర్డరు తేదీ మార్చాల్సి వచ్చి, ఆయన ఓ పాత ఖాతాదారుకి వాట్సాప్‌లో పంపిన కబురు గురించి నేను చెప్పాలనుకుంటున్నాను. ఆ సాయంత్రం నేను కొట్లోనే ఉన్నాను. వ్యాపారంలో మాట నిలబెట్టుకోవడం గురించి చాలామంది చెబుతారు. మాట నిలబెట్టుకోలేమని తెలిసిన క్షణం నుంచి ఏం చేయాలో చెప్పేవాళ్లు తక్కువ.

అసలు చిక్కు ఎక్కడ వచ్చిందో తెలియాలంటే పూతరేకు సంగతి కొంచెం తెలియాలి. బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలలా పల్చగా జారే పిండి చేస్తారు. అడుగు గుండ్రంగా ఉండే ప్రత్యేకమైన కుండని పొయ్యిమీద బోర్లించి, కింద ఎండు కొబ్బరాకులతో మంట పెడతారు. పల్చని గుడ్డని ఆ పిండిలో ముంచి, రెండు చేతులా పట్టుకుని వేడి కుండమీద ఒక్కసారి పరిచి లాగేస్తారు. క్షణాల్లో కాగితం కంటే పల్చని పొర ఒకటి కుండమీద నిలుస్తుంది. దాన్ని చిరగకుండా తీయడమే విద్య. అక్కడివాళ్లు 'రేకు తీయడం' అంటారు దాన్ని. ఆత్రేయపురంలో ఎన్నో ఇళ్లలో ఆడవాళ్లు ఈ పనిమీదే బతుకుతున్నారు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఇంత నాజూకు వస్తువుకి వాన పెద్ద శత్రువు. కొబ్బరాకులు తడిస్తే మంట ఒకేలా నిలవదు, పొగ చుట్టేస్తుంది. రేకు ఓ చోట పల్చగా, ఓ చోట మందంగా వస్తుంది. బాగా వచ్చిన రేకు కూడా గాలిలో చెమ్మ లాగేసుకుంటుంది. మంచి రేకుని రెండు వేళ్లతో ఎత్తితే గలగలమంటుంది, వెలుతురుకి పెడితే అవతలి మనిషి నీడ కనపడుతుంది. చెమ్మెక్కిన రేకు చప్పుడు చేయదు. పక్క రేకుకి అంటుకుని, విడదీస్తే అంచుల్లో చిరుగుతుంది. చుట్టేముందు రేకు విరగకుండా ఎలాగూ తడిబట్టతో కొంచెం మెత్తబరుస్తారు కాబట్టి, ముందే చెమ్మ ఉన్న రేకుతో కూడా చుట్టేయొచ్చు. చుట్టిన రోజు తేడా ఏమీ తెలియదు. రెండోరోజుకి సాగుతుంది. మూడోరోజుకి నోట్లో వేసుకుంటే కరగదు, నమలాలి. పూతరేకుని నమలాల్సి వచ్చిందంటే ఇంక అది పూతరేకు కాదు.

ఇక ఆర్డరు విషయం. బాబాయి 'టీచరమ్మగారు' అని పిలిచే పెద్దావిడ ఒకరున్నారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. తాతయ్య గల్లాపెట్టె దగ్గర కూర్చునే రోజుల నుంచీ మా కొట్టుకే వస్తారు. పెద్ద పెద్ద ఆర్డర్లు ఇచ్చే మనిషి కారు. సంక్రాంతికి, దసరాకి, ఇంట్లో ఎవరైనా పరీక్ష పాసైతే ఓ కిలో, అరకిలో. ఆవిడ మనవరాలి పెళ్లి ఆ వేసవిలో జరిగింది, వియ్యాలవారిది కాకినాడ. ఆషాఢం సారెకి 501 పూతరేకులు, 201 కాజాలు, లడ్డూలు, మైసూర్‌పాకు చెప్పారు. పూతరేకుల్లో 100 బెల్లంవి, విడిగా. అయిదు వేలు బయానా ఇచ్చారు. ఆదివారం ఉదయం సారె బయల్దేరాలి. సరుకు శుక్రవారం సాయంత్రానికి ఇంటికి చేరాలి. శనివారం సాయంత్రం చుట్టాలు, ఇరుగుపొరుగు వచ్చి సారె చూస్తారు. పళ్లాలు సర్దాలి కదా.

బుధవారం మధ్యాహ్నం ఆత్రేయపురం నుంచి ఫోనొచ్చింది. రేకులు తీసే పెద్దావిడ.

"తమ్ముడూ, ముసురు వదల్లేదు. తీసినవాటిలో నీ కొట్టుకి పనికొచ్చేవి నాలుగొందలు తేలాయి. మిగతావి పంపమంటే పంపుతా గానీ, నాకు మనసొప్పట్లేదు."

పూతరేకుకి రెండు రేకుల చొప్పున వేసుకున్నా వెయ్యి పైచిలుకు కావాలి. బాబాయి ఆవిణ్ణి ఒకే ప్రశ్న అడిగాడు, "అక్కా, మంచివి పూర్తిగా ఎప్పటికి ఇవ్వగలవు? నాకు నచ్చేట్టు చెప్పకు, నీకు తెలిసింది చెప్పు." కొత్త కొబ్బరాకుల మోపు ఒకటి పొడిగా ఉన్నది దొరికిందనీ, పొరుగింటావిడని కూడా కూర్చోబెడతాననీ, శుక్రవారం రాత్రికి పూర్తవుతుందనీ ఆవిడ అంది.

శుక్రవారం రాత్రి రేకులు చేతికొస్తే శనివారం తెల్లవారుజామున చుట్టడం మొదలుపెట్టొచ్చు. నలుగురు కూర్చుంటే పదకొండుకల్లా అయిపోతుంది. బాబాయి అక్కడితో ఆగలేదు. శనివారం ఉదయం కరెంటు పోతే, చుట్టేవాళ్లలో ఒకరు రాకపోతే అని లెక్కేసుకుని, టీచరమ్మగారికి చెప్పాల్సిన గంట మధ్యాహ్నం మూడు అని తేల్చాడు. తేదీ ఒకసారి మార్చుకోవచ్చు, రెండోసారి మార్చే హక్కు ఉండదు అన్నది ఆయన లెక్క. అందుకే పన్నెండుకి ఇవ్వగలిగినదాన్ని మూడు అన్నాడు.

ఇక కబురు పంపాలి. ఫోన్ చేస్తే పోయేది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. టీచరమ్మగారికి ఈమధ్య ఫోన్‌లో మాట సరిగ్గా వినపడటం లేదు. సగం విని సగం వినక కంగారు పడతారు. అక్షరమైతే కళ్లద్దాలు పెట్టుకుని నిదానంగా చదువుకుంటారు, కొడుక్కీ కోడలికీ చూపిస్తారు. ఇంట్లో నలుగురూ కలిసి నిర్ణయించుకోవాల్సిన విషయం రాతలో ఉంటేనే మంచిదని బాబాయి అన్నాడు.

కౌంటర్లో ఉండే కుర్రాడు చురుకైనవాడు. "నేను కొట్టేస్తానండి" అని అప్పటికే టైపు చేసి చూపించాడు. "ప్రియమైన కస్టమర్, గోదావరి వరదల కారణంగా మీ ఆర్డర్ ఆలస్యం అవుతుంది. అసౌకర్యానికి చింతిస్తున్నాము. దయచేసి సహకరించగలరు." కింద రెండు చేతులు జోడించిన బొమ్మ.

బాబాయి చదివి ఫోను పక్కన పెట్టాడు. కుర్రాణ్ణి కోప్పడలేదు. పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క మాటే చెప్పాడు, అదీ నేను విన్నది.

మొదట ఆ వరద మాట. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ బుధవారానికి హెచ్చరికేమీ లేదు, బ్యారేజీమీద బళ్లు తిరుగుతూనే ఉన్నాయి. టీచరమ్మగారు రోజూ పొద్దున్నే పేపరులో గోదావరి మట్టం చూసే మనిషి. ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకి వానాకాలంలో అదో అలవాటు. "ఆవిడకి మనం గోదారి పేరు చెప్పి అబద్ధం ఆడితే, సరుకు ఆలస్యమైనందుకు కాదురా, తనని ఏమీ తెలియనిదాన్ని చేసినందుకు బాధపడుతుంది" అన్నాడు.

రెండోది, 'ఆలస్యం అవుతుంది' అన్నారు గానీ ఎప్పటికి అవుతుందో లేదు. సారె ఇంట్లో ఆ ఖాళీ భయంకరమైనది. ఎప్పుడొస్తుందో తెలియని సరుకు అసలు రాదనే అనుకుంటారు. ఆ రాత్రికి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు, వియ్యంకుడికి ఏం చెప్పాలా అని కూడా మొదలవుతుంది. పైగా ఆలస్యమయ్యేది పూతరేకులు ఒక్కటే. లడ్డూలు, కాజాలు, మైసూర్‌పాకు అనుకున్న వేళకే వెళతాయి. ఆ ముక్క లేకపోతే మొత్తం ఆర్డరే ఆగిపోయిందనుకుంటారు.

మూడోది ఆ 'ప్రియమైన కస్టమర్'. దాన్ని గురించి బాబాయి ఎక్కువ మాట్లాడలేదు. "మీ తాతయ్య ఉంటే ఈ మాట చదివి ఊరుకునేవాడు కాదు" అని నాతో అన్నాడంతే. పాత ఖాతాదారుని ఊరూపేరూ లేని మనిషిని చేసే పిలుపు అది. కొత్తవాళ్లకి మన దగ్గర సరుకు ఒక్కటే ఉంటుంది, పాతవాళ్లకి సరుకుతో పాటు ఓ చనువు ఉంటుంది. కొట్టు మారడానికి వాళ్లకి ధరో రుచో కారణం కానక్కర్లేదు. 'నాకు కూడా అందరితో పాటే పంపాడు' అన్న చిన్న నొప్పి చాలు. వాళ్లు తగువు కూడా పెట్టుకోరు. తర్వాతి పండక్కి రారు. ఎందుకు రాలేదో కొట్టువాడికి ఎప్పటికీ తెలియదు.

కుర్రాడు ఇంకో మాట అన్నాడు, "పోనీ బిల్లులో పది శాతం తగ్గిస్తామని రాద్దామాండి?" నాకూ ఆ ఆలోచన సబబుగానే తోచింది. బాబాయి ఒప్పుకోలేదు. మనవరాలి సారె విషయంలో డబ్బు తగ్గిస్తామంటే ఆవిణ్ణి బేరానికి దింపినట్టు ఉంటుందన్నాడు. పైగా తగ్గింపు మాట ముందొస్తే తప్పు పెద్దదేమో అనిపిస్తుంది. ఆవిడకి పోయేది డబ్బు కాదు, శుక్రవారం రాత్రి తీరుబడిగా పళ్లాలు సర్దుకునే సావకాశం. తిరిగివ్వగలిగితే దాన్నే ఇవ్వాలి. అందుకని, పూతరేకులు పళ్లాల్లో పేర్చడానికి కొట్లో మనిషినే పంపుదామని నిర్ణయించాడు.

తర్వాత ఆయన చెబుతుంటే కుర్రాడు రాశాడు. ఆ కబురు ఇదీ.

"టీచరమ్మగారూ, నమస్కారమండి. శనివారం సారె చూడ్డానికి మీ ఇంటికి అందరూ వస్తారని తెలుసు, అందుకే తెలిసిన వెంటనే రాస్తున్నాను. లడ్డూలు, కాజాలు, మైసూర్‌పాకు అనుకున్నట్టే శుక్రవారం సాయంత్రం ఆరుకి మీ ఇంట్లో ఉంటాయి. పూతరేకులు మాత్రం శనివారం మధ్యాహ్నం మూడింటికి ఇవ్వగలనండి. ముసురుకి రేకులు చెమ్మెక్కాయి. వాటితో శుక్రవారానికే చుట్టి ఇచ్చేయొచ్చు, కానీ ఆదివారం కాకినాడలో పళ్లెం తీసేసరికి సాగిపోతాయి. మీ మనవరాలి సారెలో అలాంటివి పెట్టడానికి నా చేయి రాలేదు. వానాకాలంలో ఓ రోజు వెసులుబాటు పెట్టుకుని ఆర్డరు తీసుకోవాల్సింది, అది నా పొరపాటు. మా మనిషి వచ్చి పళ్లాల్లో పేర్చి వెళతాడు, నాలుగున్నరకల్లా అయిపోతుంది. బెల్లంవి నూరూ వేరే పళ్లెంలో. ఇలా మీకు కుదరదంటే మొహమాటం లేకుండా చెప్పండి. ఇంకో కొట్లో నేనే మాట్లాడి ఇప్పిస్తాను, పూతరేకుల డబ్బు వెనక్కి ఇస్తాను. రేపు పొద్దున పదిలోగా ఓ మాట చెబితే చాలు."

సాయంత్రం ఆరున్నరకి పంపించాడు. ఆ వేళ కూడా చూసుకునే పంపాడు. ఆవిడ గుడికి వెళ్లొచ్చి, కొడుకు ఆఫీసు నుంచి వచ్చే వేళ అది. రాత్రి పదికి పంపితే చదివి ఒంటరిగా దిగులుపడేవారు. ఇప్పుడైతే భోజనాల దగ్గర మాట్లాడుకుంటారు.

నాకు ఆ కబురులో అన్నిటికంటే నచ్చింది, చెమ్మెక్కిన రేకుతో శుక్రవారానికే ఇచ్చేయొచ్చని ఆయన దాచకుండా చెప్పడం. అక్కడ ఆలస్యం ఎవరి కోసమో ఆవిడకి అర్థమవుతుంది. పొరపాటు నాదని ఒక్క వాక్యంలో ఒప్పుకుని, దాన్నే పట్టుకుని నాలుగుసార్లు క్షమాపణ అడగకపోవడం కూడా నచ్చింది. కొందరు క్షమాపణ మీద క్షమాపణ చెబుతారు. అప్పుడు ఎదుటివాళ్లు తమ ఇబ్బంది పక్కనబెట్టి మనల్ని ఓదార్చాల్సి వస్తుంది. ఇక ఆ చివర ఇచ్చిన వెసులుబాటు. ఇంకో కొట్లో ఇప్పిస్తాననడం ఉత్తుత్తి మర్యాద కాదు. ఆయన అప్పటికే రావులపాలెంలో ఒకాయనకి ఫోన్ చేసి, అవసరమైతే ఇవ్వగలడో లేదో కనుక్కుని ఉంచాడు. నిజంగా తెరిచి ఉన్న దారినే చూపించాలి. లేని దారి చూపించి 'మీ ఇష్టం' అంటే అది మనిషిని ఇరుకున పెట్టడమే.

నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. కుర్రాడు పదిసార్లు ఫోను చూశాడు. ఇంకో ముక్క పంపుదామా అన్నాడు. బాబాయి వద్దన్నాడు. గడువు రేపు పదింటికని మనమే ఇచ్చాక మధ్యలో తొందరపెట్టకూడదు.

తొమ్మిది దాటాక వచ్చింది జవాబు. అక్షరదోషం ఒక్కటి లేదు. "చిరంజీవి, చదివాము. అబ్బాయికి మొదట కోపం వచ్చింది. తర్వాత ఆదివారం సాగిపోయే పూతరేకులు ఎవరికి కావాలని వాడే అన్నాడు. శనివారం మూడు గంటలు అన్నావు, మూడే కావాలి. చుట్టాలని నాలుగున్నరకి బదులు అయిదున్నరకి రమ్మన్నాము. పేర్చే కుర్రవాణ్ణి భోజనం చేయకుండా పంపు, మా ఇంట్లో తింటాడు."

శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నరకి రేకులు వచ్చాయి. బాబాయి పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి కొన్ని తీసి ఎత్తి చూశాడు. గలగలమన్నాయి. తెల్లవారుజామున నాలుగింటికి చుట్టడం మొదలైంది. అనుకున్నట్టే నలుగురిలో ఒకావిడ రాలేదు, పిల్లాడికి జ్వరం. పదకొండుకి అవ్వాల్సింది ఒంటిగంట దాటింది. మూడు అని రాసి ఉండకపోతే, పన్నెండు అని గొప్పకి రాసి ఉంటే, అంత చక్కటి కబురూ అక్కడే చెడిపోయేది. రెండుంబావుకి టీచరమ్మగారి ఇంటి ముందు ఆటో ఆగింది. పేర్చేటప్పుడు విరిగితే ఉంటాయని పదిహేను ఎక్కువే పంపాడు, ఆరు విరిగాయి.

ఇంతా చెప్పి ఒక మాట దాచడం సరికాదు. ఈ కబురు అందరి దగ్గరా పనిచేయదు. ముహూర్తం శనివారం పొద్దున్నే అయి ఉంటే ఎంత ఆప్యాయంగా రాసినా లాభం లేదు, అప్పుడు చేయాల్సిన పని వేరే కొట్లోంచి సరుకు తెచ్చి శుక్రవారానికి అందించడమే. ఏటా రెండుసార్లు ఇలాంటి కబురు పంపే కొట్టువాడి మాటనీ ఎవరూ నమ్మరు. టీచరమ్మగారు నమ్మారంటే, అన్నేళ్లలో మా కొట్టు నుంచి ఆవిడకి తేదీ మారుస్తూ వెళ్లిన కబురు అదొక్కటే కావడం కూడా ఓ కారణం. బుధవారం తెలిసింది బుధవారమే చెప్పడం ఇంకో కారణం. అదే శుక్రవారం సాయంత్రం అయిదింటికి చెప్పి ఉంటే, పైన రాసిన ప్రతి మాటా అలాగే ఉన్నా, ఆవిడ చుట్టాల వేళ మార్చుకోగలిగేవారు కాదు.

వినాయకచవితికి టీచరమ్మగారి ఇంటి నుంచి లడ్డూల ఆర్డరు వచ్చింది, ఎప్పటిలాగే అరకిలో. కాకినాడ వియ్యపురాలు తన చెల్లెలి ఇంట్లో పెళ్లికి పూతరేకులు కావాలని ఆవిడ చేతే అడిగించారు. బాబాయి ఆర్డర్ల పుస్తకంలో ఇప్పుడు వానాకాలం పూతరేకులకి రెండు తేదీలు రాస్తున్నాడు. నల్లసిరాతో రాసింది ఖాతాదారుకి చెప్పిన తేదీ. దానికి ఒకరోజు ముందు, ఎర్రసిరాతో రాసింది సరుకు కొట్లో సిద్ధంగా ఉండాల్సిన తేదీ.